మెసేజ్‌లు ఆపి "ఓసారి కాల్ మాట్లాడుకుందామా" అని ఎప్పుడు అడగాలి? పెళ్లి సంబంధాల చాటింగ్‌లో వచ్చే చిక్కు

ఆషాఢం మొదలైన రెండో వారంలో మా పిన్ని కూతురు నాకో మెసేజ్ పెట్టింది. "అక్కా, నంబర్లు ఇచ్చి పది రోజులైంది, రోజూ మెసేజ్‌లే నడుస్తున్నాయి. కాల్ చేద్దామా అని నేనే అడిగితే తొందరపడుతున్నట్టు ఉంటుందా, తను అడిగేదాకా ఆగాలా?" అమ్మాయిది విజయవాడ, అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. జాతకాలు కుదిరాయి, రెండు వైపులా పెద్దవాళ్లు ఒకసారి మాట్లాడుకున్నారు, ఆషాఢంలో పెళ్లిచూపులు వద్దనుకుని "ఈలోపు పిల్లలు మాట్లాడుకుంటార్లే" అని నంబర్లు ఇచ్చేశారు. పెద్దవాళ్ల లెక్కలో మాట్లాడుకోవడం అంటే ఫోన్, వీళ్ల లెక్కలో వాట్సాప్. చిక్కంతా అక్కడే మొదలైంది.

తను అంత ఆలోచించడానికి ఇంకో కారణం కూడా ఉంది. అంతకుముందు ఏడాది వచ్చిన సంబంధంలో ఏడు వారాలు చాట్ చేసుకున్నాక మొదటిసారి ఫోన్లో మాట్లాడుకున్నారు, పదకొండు నిమిషాలు కూడా సాగలేదు, ఆ తర్వాత మెసేజ్‌లు కూడా వాటంతటవే తగ్గిపోయాయి. ఆ అబ్బాయిలో తప్పేం లేదు, ఈ పిల్లలోనూ లేదు. మరి ఏడు వారాలు అంత బాగా నడిచింది పదకొండు నిమిషాల్లో ఎందుకు చల్లారిపోయింది అనేది నాకు చాలా రోజులు అర్థం కాలేదు, అది అర్థం చేసుకుంటే కాల్ ఎప్పుడు అనే ప్రశ్నకి కూడా చాలావరకు జవాబు దొరుకుతుంది.

చాట్, వాయిస్ నోట్, కాల్: పైకి చిన్న తేడాలే

చాట్‌లో మనకి రెండు సౌకర్యాలు ఉంటాయి. ఆలోచించుకోడానికి టైమ్ ఉంటుంది, రాసింది నచ్చకపోతే పంపేముందే కొట్టేసుకోవచ్చు. అవతలి మనిషికి చేరేది మనం ఎంచుకున్న మాట మాత్రమే. ఆ మాట ఎంచుకోడానికి మనం పడ్డ తడబాటు చేరదు.

వాయిస్ నోట్ సగం దారి. గొంతు వినిపిస్తుంది, యాస తెలుస్తుంది, నవ్వు తెలుస్తుంది, కానీ అది ఒకవైపు నుంచే. నువ్వు నిమిషంన్నర మాట్లాడి పంపుతావు, తను రెండు గంటల తర్వాత వింటాడు. మధ్యలో "ఆఁ", "అవునా", "అయ్యో" అనేవాళ్లు ఎవరూ లేరు, అందుకే వాయిస్ నోట్‌లో ఎంత మామూలుగా మాట్లాడే మనిషైనా కాస్త రేడియోలో చదువుతున్నట్టు మాట్లాడతారు.

కాల్‌లో కొత్తగా వచ్చేది గొంతు ఒక్కటే అనుకుంటాం గానీ వంతు కూడా వస్తుంది. ఒకరి మాట అయిపోగానే ఇంకొకరు అందుకోవడం అనేది మనుషులు చాలా వేగంగా చేస్తారు. 2009లో పది భాషల మీద చేసిన ఒక పరిశోధనలో ఒక ప్రశ్నకీ దాని జవాబుకీ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. అంత చిన్న ఖాళీలో జవాబు తయారు చేసుకునే వీలు లేదు, అవతలివాళ్లు మాట్లాడుతుండగానే మనం లోపల సిద్ధమైపోతూ ఉండాలి, అంటే నిజంగా వింటూ ఉండాలి. అవతలి మనిషి వింటున్నాడా, లేక తన వంతు కోసం చూస్తున్నాడా అనేది చాట్‌లో ఎన్ని వందల మెసేజ్‌లు పెట్టినా తెలీదు, కాల్‌లో ఐదు నిమిషాల్లో తెలిసిపోద్ది. పెళ్లి చేసుకోబోయే మనిషి గురించి అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఏముంటుంది అని నాకనిపిస్తుంది.

చాట్ చదివేటప్పుడు మనకి వినిపించే గొంతు మనదే

"సరే" అనే మాట తీసుకోండి. మనింట్లో దాన్ని ఎన్ని రకాలుగా అంటామో చూడండి. పని ఒప్పుకుంటూ అనే సరే వేరు, చిరాగ్గా ముగించే సరే వేరు, "సరే చెప్పు చెప్పు" అని ఉత్సాహంగా లాగే సరే వేరు, బాధపడి ఇంక మాట్లాడ్డం ఇష్టం లేక అనే సరే వేరు. అన్నీ టైప్ చేస్తే ఒకటే. దానికి తోడు మనలో చాలామంది తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తాం కదా, అందులో దీర్ఘాలు ఎగిరిపోతాయి, "పడు", "పాడు" రెండూ ఒకేలా కనిపిస్తాయి. మాటకి అర్థమే చదివేవాళ్లు ఊహించుకోవాలి, ఇంక స్వరం సంగతి చెప్పేదేముంది.

2005లో అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్లతో ఇంకొందరు కలిసి ఒక ప్రయోగం చేశారు. కొన్ని వాక్యాలు ఇచ్చి, కొన్నిటిని మామూలుగా, కొన్నిటిని వెటకారంగా అవతలివాళ్లకి అందించమన్నారు, కొందరు ఈమెయిల్‌లో, కొందరు గొంతుతో. పంపేవాళ్లని ముందే అడిగితే, ఏ దారిలో పంపినా వందకి 78 సార్లు అవతలివాళ్లు సరిగ్గా పట్టుకుంటారని అంచనా వేశారు. గొంతుతో చెప్పినప్పుడు దాదాపు అలాగే జరిగింది, 73. ఈమెయిల్‌లో మాత్రం 56, అంటే బొమ్మా బొరుసా వేసినదానికంటే కొంచెం నయం, అంతే. ఇందులో అపార్థం ఎలాగూ ఉంటుంది, కానీ అపార్థం అవుతోందని రాసినవాళ్లకి అసలు అనుమానమే రాలేదు, అది చూడాలి. ఎందుకంటే రాసేటప్పుడు మన మాట మన చెవిలో మన స్వరంతోనే వినిపిస్తూ ఉంటుంది, అది కాగితం మీదకి వెళ్లలేదని మనకి తట్టదు.

చదివేవాళ్లకి కూడా ఇదే జరుగుతుంది, తిరగేసి. అవతలి మనిషి గొంతు మనం ఎప్పుడూ వినలేదు కాబట్టి ఆ మెసేజ్‌ని మనకి నచ్చిన గొంతులో చదువుకుంటాం. మా చెల్లి పాత సంబంధంలో జరిగింది అదే. ఆ అబ్బాయి మెసేజ్‌లు చిన్న చిన్నగా, అచ్చుతప్పులు లేకుండా, ప్రతిదానికీ చివర ఒక నవ్వు బొమ్మతో ఉండేవి, తను వాటిని మెల్లగా, ఆలోచించి మాట్లాడే మనిషి గొంతులో చదువుకుంది. ఫోన్లో అతను గలగలా, గట్టిగా, మాట మీద మాట వేసుకుంటూ మాట్లాడాడు. అలా మాట్లాడేవాళ్లు మా ఇంట్లోనే సగం మంది ఉన్నారు, తనకి అది కొత్తేం కాదు. కానీ ఏడు వారాలుగా తన తలలో ఉన్న మనిషి వీడు కాదు.

రోజులు గడిచేకొద్దీ బొమ్మ ఎందుకు గట్టిపడిపోతుంది

ఇలా మనం కట్టుకునే బొమ్మ గురించి జోసెఫ్ వాల్తర్ అనే ఆయన 1996లో ఒక సిద్ధాంతం రాశాడు. అప్పటికి వాట్సాప్ ఊహలో కూడా లేదు, ఈమెయిళ్లు, కంప్యూటర్ల మీద చాటింగ్ మాత్రమే. ఆయన చెప్పింది తేలిక మాటల్లో ఇది: రాతలో పంపేవాళ్లు తమలో మంచి ముక్కలే ఏరి పంపుతారు, చదివేవాళ్లు ఆ ముక్కల మధ్య ఖాళీలని తమకిష్టమైనట్టు పూడ్చుకుంటారు, ఆలోచించి రాసే టైమ్ దొరకడం దీనికి సాయపడుతుంది, పైగా అవతలివాళ్లు మనల్ని ఎలా అనుకుంటున్నారో మనం అలాగే ప్రవర్తించడం మొదలుపెడతాం. ఈ నాలుగూ కలిసి తిరుగుతుంటే, ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్న వాళ్లకంటే కూడా ఎక్కువ దగ్గరితనం వచ్చినట్టు అనిపించొచ్చు. అది అబద్ధం కాదు, ఆ ఇష్టం నిజమే, కాకపోతే అది సగం అవతలి మనిషి మీద, సగం మనం పూడ్చుకున్న ఖాళీల మీద.

అయితే ఎన్ని రోజులు? దీని మీద 2015లో ఆర్టెమియో రమిరెజ్, ఆయన తోటివాళ్లు అమెరికాలో ఆన్‌లైన్ డేటింగ్ చేసిన వాళ్లని అడిగి చూశారు, రాతలో పరిచయమయ్యాక నేరుగా కలిసినప్పుడు ఎలా అనిపించింది అని. కొంతకాలం చాట్ చేసి కలిసినవాళ్లకి ఆ చాట్ ఉపయోగపడింది, కానీ దాదాపు మూడు వారాల దగ్గర ఒక మలుపు కనిపించింది, అది దాటి ఇంకా రాతల్లోనే ఉండిపోయిన వాళ్లు కలిసినప్పుడు ఎక్కువ నిరాశపడ్డారు. అయితే వాళ్లు చూసింది నేరుగా కలవడం, ఫోన్ కాదు, అదీ అక్కడి డేటింగ్, మన పెళ్లి సంబంధం కాదు, కాబట్టి ఇరవై ఒకటో రోజున గంట కొడుతుందని అనుకోకూడదు. నేను దీన్నుంచి తీసుకునేది ఒకటే, మొదట్లో చాట్ సాయం చేస్తుంది, ఒక చోటు దాటాక అదే చాట్ అడ్డం పడుతుంది. కాల్‌కి సరైన టైమ్ ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంటుంది, మరీ మొదటి రోజూ కాదు, ఏడో వారమూ కాదు.

మన సంబంధాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. డేటింగ్‌లో ఇద్దరే నిరాశపడతారు. ఇక్కడ ఆ ఏడు వారాల్లో అమ్మ పక్కింటావిడకి చెప్పేసి ఉంటుంది, బాబాయి అబ్బాయి ఆఫీసు గురించి వాకబు చేసి ఉంటాడు, "ఇంకా ఏమంటున్నాడు" అని రోజూ భోజనాల దగ్గర అడుగుతుంటారు. తర్వాత కాల్‌లో కుదరలేదు అని చెప్పడం అమ్మాయికైనా అబ్బాయికైనా చాలా బరువైపోతుంది, ఇంత దూరం వచ్చాక ఏం చెప్తాంలే అని లోపలే పెట్టుకుని ముందుకెళ్లిపోయేవాళ్లు కూడా ఉన్నారు, నాకు భయమేసేది ఆ దగ్గరే.

చాట్ చేయగలిగిన పని అయిపోయిందని దేన్నిబట్టి తెలుస్తుంది

రోజులు లెక్కపెట్టడం కంటే చాట్‌ని పైనుంచి కిందకి ఒకసారి చదివి చూస్తే మేలు. మా చెల్లి పదో రోజున నన్ను అడిగినప్పుడు నేను అదే అన్నాను, ఒకసారి మొదటినుంచి చదువు అని. మొదటి నాలుగు రోజులూ బయోడేటాకి కొనసాగింపు: ఏ కాలేజ్, ఎక్కడ ఉద్యోగం, వంట వచ్చా, ఇండియాకి తిరిగొచ్చే ఆలోచన ఉందా. ఐదో రోజు నుంచి మెసేజ్‌లు పొడుగయ్యాయి, అతను వాళ్ల తాతగారి గురించి రాశాడు, తను బ్యాంక్‌లో మొదటి పోస్టింగ్‌లో ఒక్కతే ఒక పల్లెటూళ్లో ఉన్న సంగతి రాసింది. తొమ్మిదో రోజుకొచ్చేసరికి ఇలా ఉంది:

"తిన్నారా?"
"హా తిన్నా. మీరు?"
"ఇప్పుడే."
"ఏం స్పెషల్?"
"ఏం లేదు, మామూలే."

ఇది చూసి ఆసక్తి తగ్గిపోయిందని చాలామంది భయపడతారు. తగ్గి ఉండొచ్చు కూడా, కానీ ఎక్కువసార్లు కారణం వేరే. టైప్ చేయడానికి వీలైన సంగతులు అయిపోయాయి, మిగిలినవి టైప్ చేయడానికి చాలా పెద్దవి. మా చెల్లిని "ఈ రెండు రోజుల్లో ఏదైనా రాసి చెరిపేశావా" అని అడిగితే, చెరిపేశానంది. నాన్నకి రెండేళ్ల కింద గుండె ఆపరేషన్ అయింది, పెళ్లయి అంత దూరం వెళ్తే ఆయన్ని ఎవరు చూస్తారు అనే బెంగ, అది మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు కొట్టేసింది, రాస్తే కండిషన్ పెట్టినట్టు ఉంటుందేమో అని. సూచనలన్నిటిలోకీ నాకు గట్టిగా అనిపించేది ఇదే. చెప్పాలని ఉంది, చెప్పే మనిషి మీద కొంచెం నమ్మకం కూడా వచ్చింది, కానీ రాతలో పెడితే మాట మారిపోతుందని భయం, ఈ మూడూ ఒకచోట కలిస్తే ఆ సంగతి గొంతు కోసం ఎదురుచూస్తోందన్నమాట.

ఇంకోటి మన భాషకే ఉన్న సూచన. తెలుగులో ఇద్దరు కొత్తవాళ్లు "మీరు"లో మొదలుపెడతారు, దగ్గరయ్యేకొద్దీ "నువ్వు"కి మారాలా వద్దా అనేది ప్రతి క్రియలో ఎదురవుతుంది, తిన్నారా, తిన్నావా, ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. చాట్‌లో దీన్ని తప్పించుకోడానికి అందరూ ఇంగ్లీష్‌లోకి దూకుతారు, "డిన్నర్ డన్?" అంటే మీరూ లేదు నువ్వూ లేదు. చాట్‌లో ఉన్నట్టుండి ఇంగ్లీష్ ఎక్కువైందంటే ఒక్కోసారి అర్థం ఇదే, "మీరు" అంటే దూరంగా ఉంది, "నువ్వు" అంటే చనువు తీసుకున్నట్టు ఉంది, ఏం అనాలో తెలీక మధ్యలో ఆగారు. కాల్‌లో రెండు నిమిషాలకోసారి ఇంగ్లీష్‌లోకి దూకలేం కాబట్టి ఇది తేలిపోతుంది, ఒకరు నోరు జారి "నువ్వు" అంటారు, నవ్వుకుంటారు, లేదా మీరుతోనే హాయిగా కుదురుకుంటారు.

కాల్ అంటే ఇబ్బందిగా ఉంటుందనే భయం ఎంతవరకు నిజం

ఎక్కువమందిని ఆపేది ఇదే. ఏం మాట్లాడాలో తెలీక మధ్యలో నిశ్శబ్దం వస్తే ఎలా అని. ఈ భయాన్నే అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ పరీక్షించి 2021లో రాశారు. ఒక ప్రయోగంలో ఎప్పట్నుంచో మాట తప్పిపోయిన పాత స్నేహితుడిని మళ్లీ పలకరించమన్నారు, కొందరిని ఫోన్ చేయమని, కొందరిని ఈమెయిల్ రాయమని. ముందు అడిగితే, ఫోన్ అయితే ఇబ్బందిగా ఉంటుందనే చాలామంది అనుకున్నారు. చేశాక చూస్తే, ఫోన్ చేసినవాళ్లకి ఎక్కువ దగ్గరైనట్టు అనిపించింది, ఇబ్బంది మాత్రం ఈమెయిల్ వాళ్లకంటే ఎక్కువేం లేదు. ఇంకో ప్రయోగంలో ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య కాస్త లోతైన ప్రశ్నలు పెట్టి, కొందరిని టైప్ చేస్తూ, కొందరిని గొంతుతో మాత్రమే, కొందరిని వీడియోలో మాట్లాడుకోమన్నారు. టైప్ చేసినవాళ్లకంటే గొంతు విన్నవాళ్లు దగ్గరయ్యారు, వీడియో దానిమీద పెద్దగా ఏమీ కలపలేదు.

ఈ చివరి ముక్క మన సంబంధాలకి బాగా పనికొస్తుంది. "ఎలాగూ కాల్ అంటున్నారు కదా, వీడియో కాల్ చేసేయండి, మొహాలు చూసుకున్నట్టు ఉంటుంది" అని పెద్దవాళ్లు తోస్తారు. మొదటి కాల్ వీడియో అయితే అమ్మాయి జుట్టు, డ్రెస్, వెనకాల గోడ, పక్కనుంచి తొంగిచూసే తమ్ముడు, ఇవన్నీ చూసుకోవాలి, అది ఫోన్‌లో జరిగే పెళ్లిచూపులైపోతుంది. ఉట్టి ఆడియోలో ఆ బరువు ఉండదు. మొహం చూడటానికి వీడియో కావాల్సిందే, ఫోటోలో ఉన్నదీ మాట్లాడుతున్నదీ ఒకే మనిషా అని తెలియాలన్నా కావాలి, కానీ అది రెండో మూడో కాల్‌కి రావచ్చు.

చాట్‌లోనే ఉందాం అనేవాళ్ల మాటలో ఉన్న న్యాయం

ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. కొందరికి ఫోన్ నిజంగానే కష్టం. నత్తి ఉన్నవాళ్లకి, వినికిడి తక్కువ ఉన్నవాళ్లకి కాల్ అంటే సమాన పోటీ కాదు, వాళ్లు రాతలోనే తమలా ఉండగలరు. ఇంకొందరికి ఇంట్లో తలుపు వేసుకుని మాట్లాడే గది ఉండదు. రెండు గదుల ఇంట్లో నానమ్మ పక్కనే పడుకునే అమ్మాయికి కాల్ అంటే ఇల్లంతా వినే కాల్, అలాంటప్పుడు తను "చాట్‌లో చెప్పండి" అంటే దాన్ని అయిష్టం అనుకుంటే పొరపాటు. ఇంకా కొందరు అమ్మాయిలు గతంలో ఒకడికి కాల్ అలవాటు చేసి, తర్వాత వేళాపాళా లేకుండా మోగే ఫోన్‌తో ఇబ్బంది పడ్డవాళ్లు. వాళ్ల జాగ్రత్తకి కారణం ఉంది.

పెద్దవాళ్ల మాట దీనికి పూర్తి వ్యతిరేకం, "మెసేజ్‌లు ఏంటి, ఒక్కసారి మాట్లాడితే మనిషి తెలిసిపోడూ" అని. అందులో ఉన్న నిజం పైన చెప్పుకున్నదే. కానీ వాళ్లు ఒకటి మర్చిపోతారు. చాట్‌లో కొన్ని సంగతులు ముందే తెలిసి ఉంటే కాల్‌లో పట్టుకోడానికి కొమ్మలుంటాయి. ఏమీ తెలియని మనిషితో మొదటిరోజే కాల్ అంటే అది ఇంటర్వ్యూలాగే నడుస్తుంది, జీతం, వీసా, అన్నదమ్ములెంతమంది. మా చెల్లికి పది రోజుల చాట్ ఇచ్చింది ఆ కొమ్మల్నే, తాతగారు, పల్లెటూరి బ్యాంక్, ఇలా ఒక ఐదారు.

అడిగిన తీరు, ఆ మొదటి కాల్

చివరికి తనే అడిగింది. రాసిన మెసేజ్ నాకు చూపించింది, దాదాపు ఇలా ఉంది: "మీ తాతగారి సంగతి సగంలో ఆపేశారు, అది టైప్ చేయించడం బాలేదు. శనివారం పొద్దున ఏడున్నర నాకు వీలవుతుంది, మీకు శుక్రవారం రాత్రి తొమ్మిది. ఒక ఇరవై నిమిషాలు ఫోన్లో చెప్తారా? కుదరకపోతే పర్లేదు, చాట్‌లోనే చెప్పండి."

ఈ చిన్న మెసేజ్ ఎందుకు పనిచేసిందో చూడండి. కాల్ దేనికో అందులో ఉంది, తాతగారి కథ, కాబట్టి అవతలివాళ్లు "ఏదో సీరియస్ విషయం అడుగుతుందేమో" అని రాత్రంతా ఆలోచించక్కర్లేదు. ఇరవై నిమిషాలు అని హద్దు ఉంది, కాబట్టి బాలేకపోతే మర్యాదగా ముగించే దారి ముందే ఉంది, బాగుంటే ఎలాగూ ఎవరూ గడియారం చూడరు. వద్దనడానికీ చోటుంది. ఇంక టైమ్. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక అది పదకొండున్నర అవుతుంది, మార్చిలో మళ్లీ మారుతుంది. ఈ లెక్క తనే వేసి ఇద్దరి టైమూ రాసింది. "మీకెప్పుడు వీలైతే అప్పుడు" అని వదిలేస్తే మర్యాదగా కనిపిస్తుంది గానీ, ఆ లెక్క పని అవతలి మనిషి మీద పడుతుంది, అందుకే అలాంటి కాల్స్ వారం వారం వాయిదా పడతాయి.

అతని జవాబు నలభై నిమిషాలకి వచ్చింది: "ఈ శుక్రవారం ఆఫీస్‌లో రిలీజ్ ఉంది, తొమ్మిదికి అవ్వదు. శనివారం రాత్రి అదే టైమ్‌కి, మీకు ఆదివారం పొద్దున, ఓకేనా?" ఇది వద్దనడం కాదు. ఇంకో టైమ్ చేతిలో పెట్టి కుదరదన్నాడంటే ఇష్టం ఉన్నట్టే లెక్క. "చూద్దాం", "చెప్తాను", "ఈ వారం బిజీ" అని రెండు మూడుసార్లు వచ్చి, ఏ టైమూ రాకపోతే అప్పుడు వేరేగా ఆలోచించాలి. చాట్‌లో మాత్రం గంటలకొద్దీ ఉంటూ, ఎన్నిసార్లడిగినా గొంతు వినిపించకుండా, మధ్యలో డబ్బు మాట తెచ్చారంటే అది సిగ్గు కాదు, అక్కడ పెద్దవాళ్లకి చెప్పి ఆపేయాల్సిందే.

ఆదివారం పొద్దున తను మేడ మీదకెళ్లి వాటర్ ట్యాంక్ పక్కన కూర్చుంది. మొదటి రెండు నిమిషాలు బాలేదంట. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం, "మీరు చెప్పండి", "లేదు లేదు మీరు చెప్పండి". దేశాలు దాటిన ఇంటర్నెట్ కాల్‌లో మాట చేరడానికి కాస్త ఆలస్యం అవుతుంది, పైన చెప్పిన సెకనులో ఐదో వంతు ఖాళీకి అలవాటుపడ్డ చెవికి ఆ కాస్తా చాలా పెద్దగా వినిపిస్తుంది. 2014లో జర్మనీలో చేసిన ఒక పరిశోధనలో తేలిందేంటంటే, లైన్‌లో ఆలస్యం ఉన్నప్పుడు జనం దాన్ని లైన్ తప్పు అనుకోరు, అవతలి మనిషికి శ్రద్ధ లేదనుకుంటారు. డల్లాస్ కాల్‌లో "ఆలోచించి గానీ జవాబు చెప్పట్లేదు, ఏదో దాస్తున్నాడు" అనిపిస్తే ముందు నెట్‌వర్క్‌ని అనుమానించాలి, వైఫై దగ్గరికెళ్లి ఇంకోసారి చేసి చూడాలి. మా చెల్లికి ఇది ముందే చెప్పి ఉంచాను.

మూడో నిమిషంలో కింద వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. మేడ మీదకి కూడా గట్టిగా వినిపించింది, తను సిగ్గుపడి ఫోన్‌ని చేత్తో మూసింది. అటువైపు నుంచి, "అది ఎన్నో విజిల్?" అని అడిగాడు. "రెండు" అంది. "మా అమ్మ నాలుగుకి గానీ కట్టేయదు" అన్నాడు. అక్కణ్ణుంచి వాళ్లమ్మ, వంట, తాతగారు, ఆయన చివరి రోజుల్లో తను అమెరికాలో ఉండి రాలేకపోవడం, అలా వెళ్లిపోయింది మాట. ఆ రాలేకపోవడం దగ్గర అతని గొంతు కాసేపు ఆగింది. ఆ ఆగడం ఏ మెసేజ్‌లోనూ వచ్చేది కాదు, వస్తే మూడు చుక్కలుగా వచ్చేది. అప్పుడు తను, మూడుసార్లు టైప్ చేసి చెరిపేసిన నాన్న సంగతి చెప్పింది. ఇరవై నిమిషాలు అనుకున్నది యాభై రెండు నిమిషాలైంది.

ఒక కాల్‌తో తేలేదేంటి, తేలనిదేంటి

అతను ఎక్కడ పనిచేస్తున్నాడు, వీసా సంగతేంటి, బయోడేటాలో రాసింది నిజమేనా అనేవి గొంతు వింటే తేలవు. చక్కగా మాట్లాడే మోసగాళ్లు ఉంటారు. ఆ వాకబు బాబాయి చేసేదే, అది అలాగే జరగాలి. అలాగే మొదటి కాల్ పేలవంగా నడిస్తే అక్కడితో తీర్పు ఇచ్చేయడం కూడా సరికాదు, పన్నెండు గంటల పని తర్వాత రాత్రి తొమ్మిదికి మాట్లాడే మనిషి గొంతు అలసిపోయే ఉంటుంది. రెండో కాల్ ఇంకో టైమ్‌లో, సెలవు రోజు పొద్దున పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. రెండిట్లోనూ మన మాట మధ్యలోనే తుంచేయడం, అడిగిందానికి కాకుండా వేరేదానికి జవాబు చెప్పడం, మన గురించి ఒక్క ప్రశ్న కూడా రాకపోవడం, ఇవి మళ్లీ మళ్లీ కనిపిస్తే అది అలసట కాదు.

పాత సంబంధం గురించి మా చెల్లిని ఈమధ్య మళ్లీ అడిగాను, ఆ కాల్ ఏడో వారంలో కాకుండా రెండో వారంలోనే అయ్యుంటే ఏమయ్యేది అని. కాసేపు ఆలోచించి, "ఏమో అక్కా, గలగలా మాట్లాడతాడు అనుకునేదాన్ని, అంతే, అప్పటికి పోల్చుకోడానికి ఇంకెవరూ లేరు కదా" అంది.

ఈ సంబంధంలో కాల్ తర్వాత చాట్ ఆగలేదు, కానీ దాని రూపం మారిపోయింది. పొడుగు మెసేజ్‌లు పోయాయి. "లేచారా", "మీటింగ్‌లో ఉన్నా", "ఆదివారం అదే టైమేనా" లాంటివే ఎక్కువ, మిగతాదంతా ఆదివారానికి దాచుకుంటున్నారు. మీరు ఇంకా మీరుగానే ఉంది. శ్రావణంలో అబ్బాయి వస్తున్నాడు, పెళ్లిచూపులు అప్పుడే. మొన్న పొద్దున నేను వాళ్లింట్లో ఉండగా తన ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది, తను చదివి నవ్వుకుని వంటింట్లోకెళ్లి కుక్కర్ కింద స్టవ్ కట్టేసింది. చూపించమంటే చూపించింది: "ఎన్నైంది?"